కుట్టు యూనిట్‌లో గార్డులు లేని యంత్రాలపై కార్మిక తనిఖీ అధికారికి వినతిపత్రం

పాలకొల్లు,
12 ఆగస్టు 2024.

గౌరవనీయులైన కార్మిక శాఖ తనిఖీ అధికారి గారికి,
పశ్చిమ గోదావరి జిల్లా.

విషయం: పాలకొల్లు శివారులోని ఒక రెడీమేడ్ దుస్తుల యూనిట్‌లో యంత్రాల గార్డులు తీసివేసి పని చేయించడం, దీనిపై కార్మికులు ఇచ్చిన ఫిర్యాదులను యాజమాన్యం పట్టించుకోకపోవడం – తనిఖీ జరిపి చర్య తీసుకోవలసిందిగా కోరుతూ.

అయ్యా,

పై యూనిట్‌లో పనిచేస్తున్న 34 మంది కార్మికులు తమ ప్రతినిధిగా నన్ను ఎన్నుకున్నారు. వారి తరఫున ఈ వినతిపత్రాన్ని తమకు సమర్పించుకుంటున్నాను. యూనిట్ పేరు, చిరునామా, యజమాని వివరాలు, నా పేరు, గాయపడిన వారి పేర్లు దీనితో జతచేసిన సీలు కవరులో ఉన్నాయి. ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 118-ఎ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసిన వారెవరో తాము గోప్యంగా ఉంచుతారనీ, ఫిర్యాదు మీదనే తనిఖీకి వచ్చినట్లు యజమానికి తెలియనివ్వరనీ నమ్మి ఆ వివరాలు ఇస్తున్నాము.

యూనిట్ ఒకప్పటి ధాన్యం గోదాములో నడుస్తోంది. నైటీలు, లంగాలు, స్కూలు యూనిఫాంలు కుడతాము. కరెంటు మోటారుతో నడిచే సింగిల్ నీడిల్ మిషన్లు 19, ఓవర్‌లాక్ మిషన్లు 5, కాజా మిషన్ ఒకటి, బొత్తాల మిషన్ ఒకటి, బట్ట కోసే కటింగ్ మిషన్ ఒకటి ఉన్నాయి. పనివారిలో 27 మంది స్త్రీలు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోల్లో వచ్చేవారే ఎక్కువ. అందరికీ పీసు రేటు మీదనే కూలి.

అన్నింటికంటే ప్రమాదకరమైనది కటింగ్ మిషన్. దాని బ్లేడు నిలువుగా నిలబడి, మీదికీ కిందికీ చాలా వేగంగా కదులుతుంది. బ్లేడుకు ముందు ఉండవలసిన గార్డును బట్టల దొంతర ఎత్తు వరకు దింపుకుని కోస్తే, బట్టను అదిమిపట్టిన చెయ్యి బ్లేడుకు తగలదు. మా యూనిట్‌లో దొంతర ఎత్తుగా వేసి ఒకేసారి ఎక్కువ పీసులు తీయాలని ఆ గార్డును విప్పి పక్కన పెట్టారు. కటింగ్ చేసేవారు ఎడమ చేతికి వేసుకోవలసిన స్టీలు తీగల గ్లవుజును ఇంతవరకు ఎన్నడూ కొననే లేదు. 2024 జూన్ 14న కటింగ్‌లో సహాయకుడిగా ఉన్న యువకుడి ఎడమ చూపుడు వేలు మొదటి కణుపు దగ్గర తెగిపోయింది. అతన్ని ఆసుపత్రికి తీసుకువెళ్లిన సూపర్‌వైజరు అక్కడ, ఇంట్లో కత్తిపీట మీద కూర తరుగుతుండగా తెగిందని చెప్పి రాయించాడు. ఆ కుర్రవాడు మూడు వారాలకు పైగా పనికి రాలేకపోయాడు. నలభై ఎనిమిది గంటలు లేదా అంతకంటే ఎక్కువ కాలం పనికి రాలేనంత గాయమైతే తనిఖీ అధికారికి తెలియజేయాలని 88వ సెక్షన్ చెబుతున్నా, అలాంటి సమాచారం ఏదీ పంపలేదని మాకు తెలిసింది. గాయం అయ్యాక కూడా అదే మిషన్ అదే స్థితిలో నడుస్తోంది.

ఇక సింగిల్ నీడిల్ మిషన్ల సంగతి. బల్ల కింద ఉన్న క్లచ్ మోటారు నుంచి మీద ఉన్న చక్రానికి బెల్టు వెళుతుంది. ఆ బెల్టు మీద ఉండవలసిన కవరు 19లో 13 మిషన్లకు లేదు. చీర కొంగూ చున్నీ ఆ బెల్టుకు జానెడు దూరంలో వేలాడుతుంటాయి. మే 6న ఒక సోదరి వంగి కింద పడిన బాబిన్ తీసుకోబోతుండగా చున్నీ బెల్టులో చిక్కి చక్రం చుట్టూ చుట్టుకుంది. ఆమె మెడ బల్ల అంచుకు వచ్చి ఆగింది. పక్కన కూర్చున్నావిడ స్విచ్ ఆపినా క్లచ్ మోటారు వెంటనే ఆగదు, కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. కనుక ఆమె కత్తెరతో చున్నీని కోసి ప్రాణం కాపాడింది. ఆ చున్నీ ముక్క మా దగ్గర ఉంది, అడిగితే చూపిస్తాము. మెడ మీద కమిలిన గుర్తు చాలా రోజులు ఉంది. సూపర్‌వైజరు మాత్రం ఆ రోజు తగ్గిన పీసులకు ఆమె కూలి కోశాడు.

సూది దగ్గర వేళ్లకు అడ్డుగా ఉండే సన్నని తీగ గార్డులు దాదాపు అన్ని మిషన్లకూ తీసేశారు. సూది గోరులోంచి దిగడం ఇక్కడ వారానికొకసారైనా జరిగే సంగతి. సూది విరిగితే ముక్క వేలిలోనే ఉండిపోతుంది లేదా ఎగిరి ముఖం మీద పడుతుంది. ఓవర్‌లాక్ మిషన్లలో మూడింటికి కంటికి అడ్డుగా ఉండే ప్లాస్టిక్ పలక లేదు. మిగిలిన రెండింటి మీదా గీతలు పడి కుట్టు కనబడడం లేదు కాబట్టి వాటిని పనివారే పక్కకు తిప్పేస్తున్నారు. “మీరే తీసేసుకుంటున్నారు కదా” అని యాజమాన్యం అనేది ఈ రెండు పలకల గురించే. మసకబారిన పలక మార్చమని అడిగితే మార్చకుండా, ఆ మాట పట్టుకుని మిగతా గార్డులన్నింటికీ సాకుగా వాడుకోవడం న్యాయం కాదని మా అభిప్రాయం. పైగా 21వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన ప్రతి కదిలే భాగానికీ గట్టి రక్షణ ఉండాలి, యంత్రం నడుస్తున్నంత సేపూ అది దాని చోట ఉండాలి. ఆ బాధ్యత యాజమాన్యానిదే గాని పీసు రేటుకు పనిచేసే మనిషిది కాదు.

గార్డులు లేవని మేము అంటున్నా, నిజానికి వాటిలో చాలావరకు యూనిట్‌లోనే ఉన్నాయి. వెనుక గదిలోని అటక మీద, పాత నూలు కోన్ల అట్టపెట్టెల పక్కన, ఒక గోనె సంచిలో బెల్టు కవర్లూ వేళ్ల గార్డులూ మరమేకులతో సహా పడి ఉన్నాయి. పెద్ద ఆర్డరు ఇచ్చే వ్యాపారి మనుషులు చూడటానికి వస్తున్నారని కబురు వచ్చినప్పుడు ముందురోజు రాత్రి మెకానిక్ వాటిని బిగిస్తాడు, వాళ్లు వెళ్లిన మర్నాడు విప్పేస్తాడు. అందువల్ల కొనే ఖర్చు వల్ల ఇది జరగడం లేదు. గార్డు ఉంటే సూది మార్చడానికీ దారం ఎక్కించడానికీ కొద్ది క్షణాలు ఎక్కువ పడుతుంది. ఆ క్షణాలు ఎవరి లెక్కలో పోవాలన్నదే అసలు గొడవ.

మా ఫిర్యాదుల విషయానికి వస్తే, మొదట సూపర్‌వైజరుకు నోటితో చెప్పాము. తరువాత మార్చి 4న 22 మంది సంతకాలతో రాసి ఇచ్చాము, తీసుకున్నట్లు సంతకం పెట్టలేదు. చున్నీ ప్రమాదం జరిగాక మే 8న మళ్లీ రాశాము. అప్పుడు యజమాని మమ్మల్ని పిలిచి, సూది గుచ్చుకోని దర్జీ ఈ లోకంలో ఉన్నాడా అని నవ్వి, కాగితాన్ని సొరుగులో పెట్టుకున్నారు. వేలు తెగిన తరువాత జూన్ 18న రిజిస్టర్డ్ పోస్టులో పంపాము. అది అందినట్లు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. ఆ వారంలోనే నన్ను ఓవర్‌లాక్ మిషన్ నుంచి తప్పించి దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు, నా కూలి సగానికి పడిపోయింది. నాతో పాటు సంతకం పెట్టిన ఇద్దరు స్త్రీలకు “రేపటి నుంచి రావద్దు” అని ఫోనులో చెప్పి, అందరూ అడిగాక పది రోజులకు తిరిగి తీసుకున్నారు. భద్రత సరిగా లేదని స్వయంగా గాని ప్రతినిధి ద్వారా గాని తనిఖీ అధికారికి విన్నవించుకునే హక్కు 111-ఎ సెక్షన్ కార్మికుడికి ఇస్తోందని మేము ఆలస్యంగా తెలుసుకున్నాము, ఇప్పుడు దాన్నే వినియోగించుకుంటున్నాము.

ఇది దుకాణం కింద నమోదైన చిన్న టైలరింగ్ సంస్థ మాత్రమేననీ, ఫ్యాక్టరీల చట్టం తమకు వర్తించదనీ యజమాని మాతో అన్నారు. తమ వద్దా అదే అనవచ్చు. హాజరు పట్టీలో 9 పేర్లే ఉంటాయి. కానీ కరెంటు వాడుతూ పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే తయారీ స్థలం ఫ్యాక్టరీయే అవుతుందని చట్టం 2(ఎం) చెబుతోంది. మిగిలిన 25 మంది రోజూ ఎన్ని పీసులు కుట్టారో రాసుకునే చిన్న నోటుబుక్కులు ఉన్నాయి, వాటి నకళ్లు జతచేశాము. వాటిలో సూపర్‌వైజరు చేతిరాతతో వేసిన టిక్కులు, వారం వారం ఇచ్చిన సొమ్ము కనబడతాయి. హాజరు పట్టీలో పేరు లేనివారికి ఈఎస్ఐ కూడా లేదు. వేలు తెగిన యువకుడి వైద్యం ఖర్చును తండ్రి అప్పు చేసి కట్టాడు. ఆ పరిహారం విషయం వేరే దరఖాస్తుగా ఇస్తాము.

వానాకాలంలో కాలువ వైపు గోడ నుంచి నీరు ఊరి నేల చెమ్మగా ఉంటుంది, మిషన్ల కింద వైర్లు విడిగా పడి ఉంటాయి. తనిఖీకి వచ్చినప్పుడు దాన్ని కూడా ఒకసారి చూడవలసిందిగా కోరుతున్నాము.

కాబట్టి తాము ముందుగా తెలియజేయకుండా యూనిట్‌కు రావాలని మా మొదటి విన్నపం. తెలిస్తే గోనె సంచి కిందికి దిగుతుంది. ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట లోపు అన్ని మిషన్లూ నడుస్తాయి, కటింగ్ కూడా ఆ వేళలోనే జరుగుతుంది. వచ్చినప్పుడు అటక మీది సంచిని తెరిపించి చూడాలనీ, సూపర్‌వైజరు ఎదుట కాకుండా స్త్రీ కార్మికులతో విడిగా మాట్లాడాలనీ మనవి. ఫ్యాక్టరీల చట్టం కింద యంత్రాల భద్రత ఫ్యాక్టరీల శాఖ పరిధిలోనిదని తాము భావిస్తే, ఈ వినతిని ఆ శాఖ అధికారికి పంపించి, కుదిరితే ఇరు శాఖలూ కలిసి తనిఖీ చేయాలని ప్రార్థిస్తున్నాము.

యూనిట్‌ను మూయించాలని మేము కోరడం లేదు. దసరా ఆర్డర్లు మొదలయ్యే ఈ కాలంలో పని ఆగితే ఇబ్బంది పడేది ముందుగా మేమే. గార్డు, గ్లవుజు వచ్చేవరకు కటింగ్ మిషన్‌నూ, కవరు బిగించేవరకు ఆ 13 మిషన్లనూ నడపకుండా రాతపూర్వకంగా ఆదేశించండి. ఆ ఆదేశం వల్ల పని కోల్పోయిన వారికి ఆ రోజుల కూలి ఇప్పించండి. బిగించిన గార్డులు నెల తరువాత కూడా అక్కడే ఉన్నాయో లేదో మరోసారి వచ్చి చూడండి. జూన్ 14 ప్రమాదాన్ని దాచినందుకూ, సంతకం పెట్టిన వారిని వేధించినందుకూ చట్టప్రకారం ఏ చర్య ఉంటే ఆ చర్య తీసుకోండి.

జతచేసినవి: వివరాల సీలు కవరు, మార్చి 4, మే 8, జూన్ 18 ఫిర్యాదుల నకళ్లు, రిజిస్టర్డ్ పోస్టు రసీదు, పీసుల నోటుబుక్కుల నకళ్లు, మిషన్ల, అటక మీది సంచి ఫోటోలు, 34 మంది సంతకాలు, వేలిముద్రలు.

ఇట్లు,
తమ విధేయులు,
కార్మికుల ప్రతినిధి
(34 మంది కార్మికుల తరఫున)