మావయ్య తెచ్చిన పనసకాయ

పుట్టినరోజుకి సైకిల్ తెస్తాడనుకున్న మావయ్య ఉద్దానం నుంచి పనసకాయ మోసుకొచ్చాడు. బన్నీ మొహం మాడిపోయింది. అయినా "ఇది నాదే, ఎవరికీ పెట్టను" అంటూ మంచం కింద దాచేశాడు.

మూడో రోజుకి పండింది. పనస వాసన దాస్తే దాగుతుందా? వీధి పిల్లలంతా గుమ్మం ముందు చేరారు. బన్నీ తలుపేసుకుని గోళ్లతో గీకాడు. చేతుల నిండా జిగురే తప్ప ఒక్క తొనా ఊడలేదు.

"మావయ్యా!"

మావయ్య నవ్వాడు. "ముందు చేతులకి నూనె రాసుకోవాల్రా. ఇంత కాయ ఒక్కడి వల్ల అవుతుందా? వాళ్లనీ పిలు."

మావయ్య కోశాడు, పిల్లలు ఒలిచారు. ఆలస్యంగా వచ్చిన లక్ష్మికి ఏమీ మిగల్లేదు. బన్నీ తన తొనల్లో సగం ఇచ్చేశాడు.

"పిక్కలు మాత్రం నావే!"

"కాల్చాక?" అంది లక్ష్మి.

బన్నీ ఆలోచించాడు. "సరే, సాయంత్రం రండి. ఉప్పు మీరే తెచ్చుకోండి."