శ్రీకాకుళం పాత మేడ కాంక్రీటు పరీక్ష రిపోర్టు: రీబౌండ్ హ్యామర్, పల్స్ వెలాసిటీ

కట్టడం: 1984లో స్లాబ్ పోసిన రెండంతస్తుల ఇల్లు, శ్రీకాకుళం పట్టణం
పరీక్షలు: 2025 ఫిబ్రవరి, ఉదయం పూట, వాన లేని రోజుల్లో
అడిగినది: పైన ఇంకో అంతస్తు వెయ్యొచ్చా లేదా

మాస్టారూ, మీ ప్రశ్నకి సమాధానం ముందే చెప్పేస్తున్నాను. ఇప్పుడున్న రీడింగులతో పైన అంతస్తు వేసుకోండి అని నేను రాసివ్వలేను. అలాగని ఇల్లు పడిపోతుందనీ రాయడం లేదు. సి-4 స్తంభం కింది భాగం మాత్రం బాగాలేదు, దాన్ని ఆలస్యం చెయ్యకుండా చూడాలి. మిగతా స్తంభాల్లో కాంక్రీటు లోపల చాలావరకు ఒకే తీరుగా ఉంది గానీ, దాని బలం ఎంతో తెలియాలంటే కోర్, అంటే డ్రిల్లుతో కోసిన గుండ్రటి కాంక్రీటు ముక్క, తీయాల్సిందే. ఎందుకో కింద వివరంగా రాశాను. మీ అబ్బాయిలు కూడా చదవాలి కాబట్టి లెక్కల పుస్తకంలా కాకుండా మామూలుగానే రాస్తున్నాను.

ఏం చేశాం, ఎలా చేశాం

కింది అంతస్తులోని 12 స్తంభాలనీ పరీక్షించాం. వాటి సైజు తొమ్మిదికి పన్నెండు, అంటే 230 x 300 మి.మీ. అన్నిచోట్లా ప్లాస్టరింగ్ కొట్టించి అసలు కాంక్రీటు కనిపించాకే పరికరం పెట్టాం. మేస్త్రి ప్లాస్టర్ మీదే హ్యామర్ కొట్టెయ్యమన్నాడు గానీ, అలా చేస్తే వచ్చేది ప్లాస్టర్ లెక్కే. కవర్ మీటరుతో ఇనుము ఎక్కడుందో ముందు గీసుకుని, చువ్వల మధ్య ఖాళీలో పాయింట్లు పెట్టాం. ఉపరితలాన్ని రాయితో రుద్ది నున్నగా చేశాం.

హ్యామర్ అంటే స్ప్రింగుతో కాంక్రీటుని కొట్టి, ఎంత వెనక్కి ఎగిరిందో అంకెలో చూపే పరికరం, మాది ఎన్ టైపు. పని మొదలుపెట్టే ముందు, ముగించాక కూడా స్టీలు దిమ్మ మీద కొట్టి చూశాం, రెండుసార్లూ 80 చుట్టూనే వచ్చింది, అంటే పరికరం సరిగ్గానే ఉంది. ప్రతి చోటా ఆరు దెబ్బలు, అంచుకి 20 మి.మీ. కంటే దగ్గరగా ఎక్కడా కొట్టలేదు, మరీ తేడాగా వచ్చిన రీడింగు తీసేసి సగటు వేశాం. పల్స్ వెలాసిటీకి 54 కిలోహెర్ట్జ్ ప్రోబులు వాడాం, గ్రీజు పూసి ఎదురెదురు ముఖాల మీద పెట్టి 230 మి.మీ. దారిలో శబ్దం దాటే సమయం కొలిచాం. గోడలో కలిసిపోయిన రెండు స్తంభాలకి మాత్రం ఎదురెదురుగా పెట్టడం కుదరలేదు, పక్క ముఖాల మీద పెట్టాం, వాటి అంకెల్ని నేను తక్కువ నమ్ముతున్నాను.

ముఖ్యమైన ఆరు స్తంభాల ఫలితాలు ఇవి. ఈ ఆరూ ఎదురెదురు ముఖాల మీద తీసినవే.

| స్తంభం | హ్యామర్ సగటు | సమయం, మైక్రోసెకన్లు | వేగం, కి.మీ./సె. | చూసినది |
|---|---|---|---|---|
| సి-1 | 40 | 58.9 | 3.90 | పొడిగా ఉంది |
| సి-3 | 43 | 62.3 | 3.69 | పొడిగా ఉంది |
| సి-4, నేల నుంచి 300 మి.మీ. | 44 | 79.6 | 2.89 | డొల్ల శబ్దం, నిలువు పగులు |
| సి-7 | 41 | 60.4 | 3.81 | పొడిగా ఉంది |
| సి-9 | 38 | 68.5 | 3.36 | అక్కడక్కడ కంకర తేలింది |
| సి-11 | 31 | 57.8 | 3.98 | బాత్రూం పక్కన, తడి |

మిగతా ఆరింటిలో హ్యామర్ 36 నుంచి 43 దాకా, వేగం 3.5 నుంచి 3.9 దాకా వచ్చాయి.

హ్యామర్ అంకెని ఎందుకు నమ్మకూడదు

హ్యామర్ మీద అంటించిన చార్టు చూస్తే 40 రీడింగుకి బలం కూడా 40 దగ్గరే చూపిస్తుంది, దాన్ని చూసే మీ చిన్నబ్బాయి ఇది ఎం 35 కంటే మంచి కాంక్రీటు అన్నాడు. మీరు చెప్పిన దాని ప్రకారం 1984లో ఒకటికి రెండు, నాలుగు పాళ్లలో గమేళాలతో కొలిచి కలిపారు. ఆ మిక్స్‌ని ఆ రోజుల్లో ఎం 15గా లెక్కకట్టేవారు. నలభై ఏళ్లలో కాంక్రీటు కొంత గట్టిపడటం నిజమే గానీ, రెండున్నర రెట్లు పెరిగిందని ఒక స్ప్రింగు దెబ్బని బట్టి ఒప్పుకోలేను.

అసలు హ్యామర్ కొలిచేది పైపొర గట్టిదనాన్ని, లోపలికి మహా అయితే 30 మి.మీ. మేర. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి దిగి సున్నాన్ని కాల్షియం కార్బొనేటుగా మారుస్తుంది, దాన్నే కార్బొనేషన్ అంటాం. ఆ పొర రాయిలా గట్టిపడుతుంది, సుత్తి ఎగిరి పడుతుంది, అంకె పెరుగుతుంది, లోపలి కాంక్రీటు మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. భారతీయ ప్రమాణాల కోడ్ ఐ.ఎస్. 13311 రెండో భాగంలోనే ఈ సంగతి ఉంది: హ్యామర్‌తో అంచనా వేసిన బలంలో ప్లస్ ఆర్ మైనస్ 25 శాతం తేడా మామూలుగానే ఉంటుంది, కార్బొనేషన్ బాగా ఉన్న పాత కాంక్రీటులో అంచనా 50 శాతం దాకా ఎక్కువ రావచ్చు. ఆ కోడ్ స్థానంలో ఇప్పుడు ఐ.ఎస్. 516 ఐదో భాగం వచ్చింది, అయినా ఈ జాగ్రత్త మారేది కాదు.

మీ ఇంట్లో ఇది ఎంత ఉందో చూడటానికి సి-7 దగ్గర చిన్న చోట చెక్కి ఫినాఫ్తలీన్ చల్లాం. మంచి కాంక్రీటు గులాబీ రంగు వస్తుంది, కార్బొనేట్ అయినది రంగు మారదు. అక్కడ 15 మి.మీ. మేర రంగు రాలేదు. ఆ పొరని గ్రైండరుతో పూర్తిగా అరగదీసి, నున్నగా చేసి, మళ్లీ కొడితే 41 ఉన్నది 33 అయింది. ఒకే స్తంభం, ఒకే హ్యామర్, పైపొర పోగానే ఎనిమిది అంకెలు తగ్గాయి. ఇది ఒక్కచోట చేసిన పోలిక, దీన్ని పట్టుకుని అన్ని స్తంభాలకీ ఎనిమిది తీసెయ్యకూడదు, ఎందుకంటే కార్బొనేషన్ లోతు చోటుని బట్టి మారుతుంది. సి-4 దగ్గర 38 మి.మీ. దాకా రంగు రాలేదు, అక్కడ ఇనుము మీద కవరు 30 మి.మీ. మాత్రమే. అంటే చువ్వకి కాంక్రీటు ఇచ్చే రక్షణ అక్కడ పోయింది. బలం ఎంత అన్నదాని కంటే నాకు ఎక్కువ టెన్షన్ ఇదే.

సి-4, సి-11: రెండూ పక్కపక్కన పెట్టి చూడండి

సి-4కి హ్యామర్‌లో అందరికంటే ఎక్కువ అంకె, 44. వేగం అందరికంటే తక్కువ, 2.89. హ్యామర్ ఒక్కటే తెచ్చుంటే ఇదే మీ ఇంట్లో గట్టి స్తంభం అని రాసి వెళ్లిపోయేవాళ్లం. శబ్దం కాంక్రీటులో ఖాళీ ఎదురైతే దాని చుట్టూ తిరిగి రావాలి, అందుకే ఆలస్యమవుతుంది. ఇదే స్తంభంలో 900 మి.మీ. ఎత్తున 3.42, 1500 మి.మీ. ఎత్తున 3.74 వచ్చింది. అంటే తేడా అడుగునే ఉంది. పైనుంచి ఒకేసారి కాంక్రీటు గుమ్మరించి, వైబ్రేటరు లేకుండా కర్రతో పొడిచినప్పుడు అడుగున కంకర విడిగా ఉండిపోయి తేనెపట్టులా మారడం ఆ కాలపు పనుల్లో తరచూ కనిపిస్తుంది. నిలువు పగులు చువ్వ వెంటే ఉంది కాబట్టి తుప్పు కూడా తోడయింది.

సి-11లో ఇది తిరగబడింది. తడి ఉన్న కాంక్రీటు మీద హ్యామర్ తక్కువ చూపిస్తుంది, తేడా 20 శాతం దాకా ఉండొచ్చు. పల్స్ వేగం మాత్రం తడి వల్ల పెరుగుతుంది, గాలి ఉండాల్సిన రంధ్రాల్లో నీళ్లు ఉంటే శబ్దం సులువుగా దాటుతుంది. నీళ్లు నిండిన పగులైతే అసలు దొరక్కుండానే పోవచ్చు. కాబట్టి 31 చూసి సి-11 బలహీనమనీ అనలేం, 3.98 చూసి అదే అన్నింటికన్నా మేలనీ అనలేం. బాత్రూం పైపు లీకు ఆపించండి, స్తంభం ఆరాక మళ్లీ కొలుస్తాను. అప్పటిదాకా ఆ రెండు అంకెలూ పక్కన పెట్టాను.

వేగం చెప్పేది, చెప్పనిది

ఐ.ఎస్. 13311 మొదటి భాగం, 1992 ప్రకారం సెకనుకి 4.5 కి.మీ. పైన అద్భుతం, 3.5 నుంచి 4.5 మంచిది, 3.0 నుంచి 3.5 మధ్యస్థం, 3.0 కంటే తక్కువైతే సందేహం. దీని ప్రకారం సి-1, సి-3, సి-7 మంచి వరుసలోకి, సి-9 మధ్యస్థంలోకి, సి-4 అడుగు సందేహంలోకి వస్తాయి. ఇక్కడ మంచిది అంటే లోపల ఖాళీలు, పగుళ్లు లేకుండా ఒకేలా ఉందని, అంతే. అది గ్రేడు కాదు. ఈ వేగంలో పెద్ద వాటా కంకరదే. మన జిల్లాలో నల్లరాయి కంకర వేసిన కాంక్రీటూ, మెత్తబడిన ఖొండలైటు కంకర వేసిన కాంక్రీటూ ఒకే బలం ఉన్నా ఒకే వేగం ఇవ్వవు. మీ కంకర ఏ క్వారీదో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, కాబట్టి వేరే ఇంటి కోర్లతో తయారైన గ్రాఫు తెచ్చి ఇక్కడ పెట్టడానికి వీల్లేదు. ఇనుము కూడా మోసం చేస్తుంది, స్టీలులో శబ్దం 5.9 కి.మీ. దాకా వెళ్తుంది, ప్రోబుల దారి చువ్వ వెంట పడితే అంకె ఊరికే పెరుగుతుంది.

స్లాబ్ సంగతి క్లుప్తంగా చెప్తాను. పైన టైల్స్ ఉన్నందున కింద ముఖం మీదే రెండు ప్రోబులూ పెట్టి, ఒకదాన్ని 150 మి.మీ. చొప్పున జరుపుతూ కొలిచాం, 2.9 వచ్చింది. ఇలా ఒకే ముఖం మీద తీసిన వేగం ఎదురెదురుగా తీసినదాని కంటే సెకనుకి 1 కి.మీ. దాకా తక్కువ రావచ్చు, కాబట్టి దీన్ని పై పట్టికతో పోల్చి స్లాబ్ పాడైందని కంగారు పడకండి. హ్యామర్ కూడా పైకి ఎత్తి కొట్టాం, దిశ మారితే చార్టు మారుతుంది, ఆ అంకెల్ని స్తంభాల అంకెల పక్కన పెట్టకూడదు. సన్‌షేడ్లు పలచగా ఉండి దెబ్బకి ఊగుతాయి, వాటి మీద హ్యామర్ కొట్టలేదు. వాటిలో రెండింటికి అడుగున కాంక్రీటు ఊడి చువ్వ బయటపడింది, దానికి పరికరం అక్కర్లేదు, కొట్టించి కొత్తవి వేయించండి.

ఇప్పుడు చెయ్యాల్సింది

ముందు సి-4. దాని మీదికి వచ్చే బీముల కింద గట్టి ప్రాపులు పెట్టకుండా మేస్త్రి ఆ స్తంభాన్ని చెక్కకూడదు, సిమెంటు పూసి మూసెయ్యకూడదు కూడా. పూస్తే పగులు కనపడదు, తుప్పు ఆగదు. డొల్ల కాంక్రీటు తీసేశాక చువ్వ ఎంత సన్నబడిందో కొలిచి, రిపేరు డ్రాయింగు నేనే ఇస్తాను.

తర్వాత కోర్లు. సి-1, సి-3, సి-7ల్లో ఇనుము తగలని చోట, నడిమి ఎత్తులో, ఒక్కొక్కటి 75 మి.మీ. వ్యాసంతో తీయాలి. ఒక్కో స్తంభానికీ ప్రాపు పెట్టి, ఒకటి పూడ్చాకే ఇంకోదానికి వెళ్లాలి. మూడు కోర్లతో పక్కా గ్రాఫు తయారవదు, కానీ అసలు బలం ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది, అప్పుడు హ్యామర్, వేగం అంకెలు మిగతా స్తంభాలు వాటి కంటే మెరుగా, నాసిగా అన్నది పోల్చుకోవడానికి పనికొస్తాయి. కోర్ ముక్కల్లోనే క్లోరైడు కూడా చూడమని ల్యాబ్‌కి చెప్పండి, ఇల్లు కట్టినప్పుడు బోరు నీళ్లే వాడామన్నారు, ఆ నీళ్లు ఉప్పగా ఉండేవో లేదో ఇప్పుడు తెలిసే దారి అదొక్కటే.

పునాది గురించి ఈ రిపోర్టులో ఒక్క మాట కూడా లేదని గుర్తుంచుకోండి, హ్యామర్‌కీ ప్రోబుకీ భూమిలో ఉన్నది అందదు. సి-7 పక్కన ఒక గొయ్యి తవ్వించి ఫుటింగు సైజు, లోతు కొలవాలి. కోర్ల బలం, చువ్వల సైజు, ఫుటింగు, ఈ మూడూ వచ్చాక పై అంతస్తు బరువు వేసి లెక్క చూస్తాను. అప్పటిదాకా పైన ఇటుక, ఇసుక దించకండి, మేడ మీద పెట్టాలనుకున్న కొత్త వాటర్ ట్యాంకు కూడా ఆపండి.