బారువడ్డీ, చక్రవడ్డీ: ఎనిమిదో తరగతి దసరా సెలవుల వర్క్‌షీట్

మొన్నటి స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్దాను. ఫార్ములా దాదాపు అందరికీ వచ్చు. కానీ జవాబు తప్పు వచ్చినప్పుడు అది తప్పని మీకు తెలియడం లేదు, నాకున్న బెంగంతా అదే. 25,000 రూపాయలకి 4 శాతం చొప్పున రెండేళ్ల చక్రవడ్డీ 1,950 రూపాయలని ఒక పేపర్లో ఉంది. ఏడాదికి వెయ్యి చొప్పున బారువడ్డీయే 2,000 వస్తుంటే చక్రవడ్డీ అంతకన్నా తగ్గుతుందా? ఆ ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే పెన్ను కింద పెట్టకముందే తప్పు దొరికేది. అందుకే ఈ షీట్‌లో ప్రతి లెక్కకీ సరిచూసుకునే పద్ధతి కూడా రాశాను, మీరు చేసేటప్పుడు ఆ లైన్ కూడా రాయాలి, దానికీ మార్కులు ఉంటాయి.

అసలు P, ఏడాదికి వడ్డీ రేటు R, కాలం ఏళ్లలో T, వడ్డీ I, అసలూ వడ్డీ కలిపిన మొత్తం A, వడ్డీ ఎన్నిసార్లు అసలులో కలిసిందో ఆ సంఖ్య n. ఏడాది నిండకముందే వడ్డీ కలుస్తుంటే రెండో ఫార్ములాలో R బదులు ఆ ఒక్క గడువుకి వచ్చే రేటు వేయాలి.

```
I = P × R × T / 100        (బారువడ్డీ)
A = P × (1 + R/100)^n      (చక్రవడ్డీ మొత్తం)
```

రెండో ఫార్ములా ఇచ్చేది మొత్తం, వడ్డీ కాదు. వడ్డీ కావాలంటే అందులోంచి అసలు తీసేయాలి. ఇది మర్చిపోయి పోగొట్టుకున్న మార్కులే ఎక్కువ.

లెక్క 1. 8,000 రూపాయలకి 9 శాతం చొప్పున 3 ఏళ్ల బారువడ్డీ ఎంత?

8000 × 9 × 3 / 100 = 2,160. మొత్తం 10,160 రూపాయలు.

సరిచూడటం: ఒక్క ఏడాదికి చూడండి, వందకి 9 అంటే 8,000కి 720. మూడేళ్లకి 2,160. కుదిరింది. వెనక్కి కూడా వెళ్లొచ్చు: 2,160ని 3తో భాగిస్తే 720, అది 8,000లో 9 శాతం. ఫార్ములానే ఇంకోసారి వేసి చూడటం సరిచూడటం కాదు, మొదటిసారి చేసిన తప్పే రెండోసారి కూడా చేస్తాం. వేరే దారిలో వెళ్లి అదే చోటికి రావాలి.

లెక్క 2. ఒక రైతు 45,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, 17 నెలల తర్వాత తీర్చాడు. ఎంత కట్టాలి?

ఇంట్లో మాట్లాడుకునే వడ్డీకీ పుస్తకంలో వడ్డీకీ తేడా ఇక్కడే వస్తుంది. మనవైపు రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం. బ్యాంకు వాళ్లు 8 శాతం అన్నారంటే అది ఏడాదికి. ఈ రెండూ కలిపేసుకుంటే పెద్దవాళ్లే మోసపోతారు.

నెలకి వడ్డీ 45000 × 2 / 100 = 900. 17 నెలలకి 15,300. కట్టాల్సింది 60,300 రూపాయలు.

సరిచూడటం: ఏడాది లెక్కలో R = 24, T = 17/12 పెట్టండి. 45000 × 24 × 17 / 1200 = 15,300. సరిపోయింది. రేటు ఏడాదిది తీసుకుని కాలం నెలల్లో పెడితే, అంటే R = 24, T = 17 వేస్తే, 1,83,600 వస్తుంది. ఏడాదిన్నర కూడా కాకుండానే వడ్డీ అసలుకి నాలుగింతలు అయిందంటే ఎక్కడో పొరపాటు పడ్డామని వెంటనే అనుమానం రావాలి.

లెక్క 3. 20,000 రూపాయలకి 10 శాతం చొప్పున 3 ఏళ్ల బారువడ్డీ ఎంత, ఏడాదికోసారి కట్టే చక్రవడ్డీ ఎంత? తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ లెక్క మీద తొందరపడకండి, షీటు మొత్తంలో ముఖ్యమైనది ఇదే.

బారువడ్డీ: ఏడాదికి 2,000, మూడేళ్లకి 6,000.

| ఏడాది | మొదట్లో అసలు | ఆ ఏడాది వడ్డీ | చివర మొత్తం |
|---|---|---|---|
| 1 | 20,000 | 2,000 | 22,000 |
| 2 | 22,000 | 2,200 | 24,200 |
| 3 | 24,200 | 2,420 | 26,620 |

చక్రవడ్డీ 6,620. తేడా 620 రూపాయలు.

సరిచూడటానికి ఇక్కడ మూడు దారులున్నాయి. ఫార్ములా వేస్తే 20000 × 1.331 = 26,620. చివరి నుంచి వెనక్కి వస్తే 26,620ని 1.1తో భాగిస్తే 24,200, మళ్లీ భాగిస్తే 22,000, మళ్లీ 20,000, బయల్దేరిన చోటికే వచ్చాం. ఇక మూడోది, వడ్డీలు 2,000, 2,200, 2,420 చూడండి, ఒక్కోటీ ముందుదానికి 1.1 రెట్లు ఉండాలి, ఉన్నాయి. మొదటి ఏడాది వడ్డీ రెండు పద్ధతుల్లోనూ ఒకటే ఉండాలని కూడా గుర్తుపెట్టుకోండి, అక్కడే తేడా వస్తే ముందుకు వెళ్లక్కర్లేదు.

ఇప్పుడు ఆ 620 రూపాయల్ని విడదీద్దాం. అసలు 20,000 మీద ఏడాదికి 2,000 వడ్డీ రెండింట్లోనూ వస్తుంది, అందులో తేడా లేదు. మొదటి ఏడాది వచ్చిన 2,000ని తీసుకోకుండా అక్కడే ఉంచాం కాబట్టి దాని మీద రెండో ఏడాది 200, మూడో ఏడాది ఇంకో 200. రెండో ఏడాది అసలు మీద వచ్చిన 2,000 మీద మూడో ఏడాది 200. మొత్తం 600. మిగతా 20 ఎక్కడిది? రెండో ఏడాది వడ్డీ మీద వచ్చిన 200 ఉంది కదా, దాని మీద మూడో ఏడాది 10 శాతం, అదే 20. వడ్డీ మీద వడ్డీ, దాని మీద మళ్లీ వడ్డీ. తేడాలో ఒక్క రూపాయి కూడా ఎక్కడిదో తెలియకుండా లేదు. ఇలా విడదీసి కూడితే 620 రావాలి, వస్తే మీ రెండు జవాబులూ ఒకేసారి సరిచూసుకున్నట్టే.

లెక్క 4. 1,00,000 రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్, 8 శాతం, మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుస్తుంది. ఏడాదికి వడ్డీ ఎంత?

ఏడాదికి 8 అంటే మూడు నెలలకి 2 శాతం, నాలుగుసార్లు. 1,02,000, తర్వాత 1,04,040, తర్వాత 1,06,120.80, చివరికి 1,08,243.22. వడ్డీ 8,243.22 రూపాయలు.

సరిచూడటం: ఏడాదికోసారి కడితే 8,000, ఆరు నెలలకోసారి అయితే 8,160. ఎన్నిసార్లు ఎక్కువ కలిస్తే అంత పెరగాలి, 8,243 ఆ వరసలోనే ఉంది. అయితే 8,160 నుంచి 8,243కి దూకుడు తగ్గింది కూడా చూడండి.

లెక్క 5. 50,000 రూపాయల ప్రోనోటు, రెండు రూపాయల వడ్డీ. మూడేళ్లకి బాకీ తీరలేదు, వడ్డీ కలిపి నోటు తిరగరాశారు. ఇంకో మూడేళ్లకి ఎంత కట్టాలి?

ప్రోనోటుకి మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, అందుకే ఆ గడువులోపు నోటు మారుస్తారు. మూడేళ్ల వడ్డీ 72 శాతం, 36,000. కొత్త నోటులో అసలు 86,000. దాని మీద మళ్లీ 72 శాతం 61,920. మొత్తం 1,47,920 రూపాయలు.

నోటు తిరగరాయకుండా ఆరేళ్లూ బారువడ్డీయే నడిచి ఉంటే 50,000 + 72,000 = 1,22,000. తేడా 25,920.

సరిచూడటం: ఆ తేడా, కొత్త నోటులో అసలుగా మారిన పాత వడ్డీ 36,000 మీద 72 శాతానికి సమానం కావాలి. 36000 × 72 / 100 = 25,920. అయింది. నోటు మీద ఎక్కడా చక్రవడ్డీ అన్న మాట ఉండదు, అయినా మూడేళ్లకోసారి చక్రవడ్డీ కట్టినట్టే. మా ఇంట్లో ఇలా ఒక నోటు తిరగరాసినప్పుడు నేను తొమ్మిదో తరగతి. నాన్న అసలు అంకె చూసి చాలాసేపు మాట్లాడలేదు, ఎందుకు పెరిగిందో చెప్పే లెక్క అప్పటికి నాకు రాదు. మీకు రావాలి. మూడేళ్లలోపే కొంత సొమ్ము కట్టి, నోటు వెనక చెల్లు రాసి అప్పు తీసుకున్నవాళ్లు సంతకం పెట్టినా గడువు పెరుగుతుంది, అప్పుడు వడ్డీ కొత్త అసలుగా మారదు. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చెప్పండి.

లెక్క 6. 10,000 రూపాయలు, 8 శాతం. ఏళ్లు గడిచేకొద్దీ రెండు మొత్తాలూ ఎలా దూరమవుతాయి?

| ఏళ్లు | బారువడ్డీ మొత్తం | చక్రవడ్డీ మొత్తం | తేడా |
|---|---|---|---|
| 1 | 10,800 | 10,800 | 0 |
| 2 | 11,600 | 11,664 | 64 |
| 5 | 14,000 | 14,693 | 693 |
| 10 | 18,000 | 21,589 | 3,589 |
| 20 | 26,000 | 46,610 | 20,610 |
| 30 | 34,000 | 1,00,627 | 66,627 |

బారువడ్డీ ఏటా 800 మాత్రమే కలుపుతుంది, గ్రాఫ్ గీస్తే సరళరేఖ. చక్రవడ్డీలో కలిసేది కూడా ఏటా పెరుగుతుంది, కాబట్టి గీత పైకి వంగుతుంది. రెండేళ్ల దగ్గర ఆగిపోయి 64 రూపాయలేగా అనుకుంటే ముప్పై ఏళ్ల అంకె చూడండి.

కాలిక్యులేటర్ లేకుండా సరిచూడాలంటే 72ని రేటుతో భాగించండి. 72/8 = 9, అంటే చక్రవడ్డీలో సుమారు తొమ్మిదేళ్లకి డబ్బు రెట్టింపు. నిజంగా లెక్కిస్తే 19,990 వస్తుంది, అంత దగ్గర. అలాగే 18 ఏళ్లకి నాలుగింతలు, 27 ఏళ్లకి ఎనిమిదింతలు, కాబట్టి 30 ఏళ్లకి పదింతలు నమ్మదగ్గదే. బారువడ్డీలో రెట్టింపుకి 100/8 = పన్నెండున్నరేళ్లు.

లెక్క 7. 6 శాతం చొప్పున రెండేళ్లకి రెండు వడ్డీల తేడా 180 రూపాయలు. అసలెంత?

రెండేళ్లలో తేడా అంటే మొదటి ఏడాది వడ్డీ మీద ఒక ఏడాది వడ్డీ, అంతే. కాబట్టి 180 అనేది మొదటి ఏడాది వడ్డీలో 6 శాతం. ఆ వడ్డీ 180 × 100 / 6 = 3,000. అది అసలులో 6 శాతం, అసలు 50,000. సరిచూడటం: బారువడ్డీ 6,000, చక్రవడ్డీ 56,180 − 50,000 = 6,180.

ఇక మీరు చేయండి

1. 12,500 రూపాయలకి 8 శాతం చొప్పున రెండున్నరేళ్ల బారువడ్డీ.
2. 30,000 రూపాయలు రూపాయిన్నర వడ్డీకి 8 నెలలు. వడ్డీ ఎంత?
3. 16,000 రూపాయలకి 5 శాతం చొప్పున 3 ఏళ్ల రెండు వడ్డీలూ కనుక్కుని, తేడాని లెక్క 3లో లాగా విడదీయండి.
4. 20,000 రూపాయలకి 10 శాతం ఏడాదికోసారి చక్రవడ్డీ, కాలం రెండున్నరేళ్లు. చివరి ఆరు నెలలకి బారువడ్డీ వేయాలి.
5. 8 శాతం చొప్పున రెండేళ్ల తేడా 96 రూపాయలు. అసలెంత?
6. మొదట్లో చెప్పిన 25,000 లెక్క సరిచేయండి.

జవాబులు (చేశాకే చూడండి)

1. 2,500.
2. నెలకి 450, మొత్తం 3,600.
3. 2,400, 2,522. తేడా 122: మూడు 40లు, ఒక 2.
4. రెండేళ్లకి 24,200, ఆరు నెలల వడ్డీ 1,210, మొత్తం 25,410.
5. 15,000.
6. 2,040. బారువడ్డీ 2,000, మొదటి ఏడాది వచ్చిన 1,000 మీద రెండో ఏడాది 4 శాతం, అది 40.