విషయం: మిగిలిన ఈఎల్ రోజులకు ఎన్‌క్యాష్‌మెంట్ లెక్క, చెల్లింపు తేదీ కోరుతూ

తేదీ: 14 ఏప్రిల్ 2025

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,

నమస్కారం. నేను మార్చి 3న రాజీనామా ఇచ్చాను. మే 2 నా చివరి పనిదినం. ఫైనల్ సెటిల్‌మెంట్ మొదలయ్యేలోపే నా ఈఎల్ లెక్క తేల్చుకోవాలని ఈ మెయిల్ రాస్తున్నాను.

ముందుగా బ్యాలెన్స్ సంగతి. పోర్టల్‌లో ఇవాళ 38 రోజులు కనిపిస్తున్నాయి, నా లెక్క ప్రకారం 41 ఉండాలి. జనవరి 20, 21, 22 తేదీలకు సెలవు పెట్టాను. సరిగ్గా అదే వారం ఆడిట్ పడటంతో మా మేనేజర్ గారు రమ్మంటే సెలవు రద్దు చేసుకుని వచ్చాను. 21న పంచ్ అవుట్ రాత్రి 8:40కి ఉంది. రద్దుకు ఆయన ఆమోదం తెలిపిన మెయిల్, ఆ మూడు రోజుల హాజరు జతచేశాను. పనిచేసిన రోజులు సెలవు కింద పోవడం నాకు బాధగా ఉంది. దయచేసి వాటిని తిరిగి జమ చేయించండి. ఏప్రిల్‌కు రావాల్సిన ఒకటిన్నర రోజు ఈ 41లో కలపలేదు. అది చివరి లెక్కలో కలుస్తుందో లేదో చెప్పగలరు. క్యాజువల్ లీవులకు డబ్బు రాదని తెలుసు, వాటిని అడగడం లేదు.

ఇక రోజువారీ రేటు. నా బేసిక్, డీఏ కలిపి నెలకు రూ. 31,200. దీన్ని 26తో భాగిస్తే రోజుకు రూ. 1,200 వస్తుంది, 30తో భాగిస్తే రూ. 1,040. 41 రోజులకు మొదటి పద్ధతిలో రూ. 49,200, రెండో పద్ధతిలో రూ. 42,640. అంటే తేడా రూ. 6,560. హ్యాండ్‌బుక్‌లో 'ఒక రోజు జీతం' అని ఉంది కానీ దేనితో భాగించాలో లేదు. మీరు ఏ పద్ధతి పాటిస్తారో, అది ఏ నిబంధన ప్రకారమో రాసి పంపగలరు.

సెటిల్‌మెంట్ షీటులో ఈ మొత్తాన్ని జీతంలో కలిపేయకుండా 'లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్' అని విడిగా చూపించండి. ఉద్యోగం మానేటప్పుడు వచ్చే ఈ సొమ్ముకు ప్రైవేటు ఉద్యోగులకు రూ. 25 లక్షల గరిష్ఠ పరిమితికి, మిగతా షరతులకు లోబడి ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. జీతంలో కలిసిపోతే అనవసరంగా టీడీఎస్ పడే అవకాశం ఉంది.

చెల్లింపు ఏ తేదీన జమ అవుతుంది? మే జీతంతో వస్తుందా, సెటిల్‌మెంట్‌తోనా? 'ప్రాసెస్‌లో ఉంది' అనే జవాబు కాకుండా ఒక తేదీ చెబితే మేలు. జూన్ మొదటి వారంలో మా అబ్బాయి స్కూలు ఫీజు కట్టాలి, ఈ డబ్బు మీదే ఆధారపడి ఉన్నాను. జీతం పడే ఖాతానే వాడండి, అది మూసేయడం లేదు.

ఏప్రిల్ 21లోపు లెక్క పంపితే, తేడాలేమైనా ఉంటే నేను ఇక్కడ ఉండగానే మాట్లాడుకోవచ్చు. ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ మే 2న అప్పగిస్తాను.

ఇట్లు,
సీనియర్ అకౌంట్స్ అసిస్టెంట్
ఎంప్లాయీ కోడ్ 2187

జతపరిచినవి: సెలవు రద్దు ఆమోదం మెయిల్, జనవరి హాజరు రిపోర్టు, మార్చి పేస్లిప్