ముక్కలు దించేస్తున్నాను

అందరికీ నమస్కారం. సభ్యులకి, పెద్దలకి, నలభై ఏళ్లుగా "ఇంకొక్క ఆటే" అన్న మాటని నమ్మినట్టు నటిస్తూ వచ్చిన మా ఇళ్లలోని ఆడవాళ్లకి ప్రత్యేకంగా నమస్కారం. వంటాయన నాకు పది నిమిషాలు టైమిచ్చాడు. బిర్యానీ దమ్ము తీసేలోపు ముగించాలట. ఇవాళ దిగిపోతున్నాను గానీ, అధ్యక్షుడిగా ఈ ఇరవై నాలుగేళ్లలో నా ప్రసంగానికి గడువు పెట్టగలిగినవాడు ఆయనొక్కడే.

1985లో మన పేకాట క్లబ్బు మొదలైనప్పుడు నేను సభ్యుణ్ణి కూడా కాదు. మహారాణిపేటలో ఒక మేడ మీద గది, రెండు బల్లలు, ఒక ఫ్యాను. ఫ్యాను వేస్తే ముక్కలు ఎగిరిపోయేవి. ఆపితే మన విశాఖ ఉక్కకి చొక్కా పిండుకోవాల్సి వచ్చేది. ఓ సాయంత్రం పోర్టులో పనిచేసే మా ఎదురింటాయన "బ్రిడ్జికి నాలుగో మనిషి తక్కువయ్యాడు, రావయ్యా" అని లాక్కెళ్లాడు. అప్పటికి నాకు వచ్చింది రమ్మీ ఒక్కటే, అదీ పెళ్లి విడిదిళ్లలో నేర్చుకున్నది. మొదటి ఆటలోనే మా పార్ట్‌నర్ ఆసు వేస్తే, దాని మీద నేను తురుపు కొట్టాను. ఆ పార్ట్‌నర్ ఇదిగో, మూడో బల్ల దగ్గర కూర్చున్నారు. ఇప్పటికీ నాకు కాఫీ ఇప్పించినప్పుడల్లా ఆ తురుపు గుర్తుచేసి మరీ ఇప్పిస్తారు.

ఇక్కడున్న కొత్తవాళ్లకి ఒక సంగతి తెలీదు. తెలిసిన పాతవాళ్లకి సగమే తెలుసు. మన క్లబ్బులో డబ్బు పెట్టి ఆడకూడదన్న నియమం మొదటినుంచీ లేదు. రమ్మీలో పాయింటుకి పావలా నడిచేది. పావలాయే కదా అనిపిస్తుంది. ఫుల్ కౌంటు పడితే ఎనభై పాయింట్లు, అంటే ఇరవై రూపాయలు. రాత్రి పదింటిదాకా వరసగా చెయ్యి రాకపోతే, పోయింది పట్టుకోవాలని పావలా కాస్తా రూపాయి అయితే, అప్పుడు లెక్క వేరు.

1996లో ఓ జీతాల రోజు, మన కుర్ర సభ్యుడొకడు అలా ఆడాడు. డ్రాప్ చేసి ఇరవై పాయింట్లతో బయటపడాల్సిన చేతులు కూడా పట్టుకుని కూర్చున్నాడు. గెలిచింది నేను. మర్నాడు సాయంత్రం అయిదున్నరకి అతని భార్య చంటిపిల్లని ఎత్తుకుని వచ్చింది. మెట్లు ఎక్కలేదు. కిందే నిలబడి వాచ్‌మన్‌తో కబురు పంపింది: "మా ఆయన జీతం కవరు ఇక్కడేమైనా మర్చిపోయారేమో, కొంచెం చూస్తారా?"

కవరు నా జేబులోనే ఉంది. "అవునమ్మా, బల్ల కింద పడి ఉంది" అని తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడకి సంగతి తెలుసు. ఆవిడకి తెలుసని నాకూ తెలుసు. "థాంక్సండీ" అని వెళ్లిపోయింది. ఆ మర్యాద నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఈ సంగతి నేను కమిటీకి ఎప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో కూడా ఇప్పుడే వింటున్నారు. అందుకే అటువైపు చూడటం లేదు.

తర్వాతి జనరల్ బాడీలో డబ్బాట వద్దని తీర్మానం పెడితే చిత్తుగా ఓడిపోయాను. ఒకాయన సుప్రీంకోర్టు తీర్పు కాపీ పట్టుకొచ్చారు. నిజమే, 1968లో సికింద్రాబాదు క్లబ్బు కేసులో కోర్టు రమ్మీని మూడు ముక్కలాటతో కలపొద్దంది. ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అంది. అదే తీర్పులో, డబ్బాట మీద క్లబ్బు లాభం చేసుకుంటే అది వేరే సంగతి అని కూడా ఉంది. ఆ పేజీ మాత్రం ఆయన తేలేదు. నేను చెప్పింది ఒకటే, "నేరం కాదంటున్నారు, సరే. కవరు గురించి కోర్టుని ఎవరూ అడగలేదు కదండీ." ఏ కవరో ఎవరికీ అర్థం కాలేదు.

అలా పెడుతూ పెడుతూ ఉంటే 2001లో తీర్మానం గట్టెక్కింది. పదకొండు మంది క్లబ్బు మానేశారు, వాళ్లతో పాటు అప్పటి అధ్యక్షుడు గారూనూ. మిగిలినవాళ్లలో నాకంటే ఖాళీగా ఉన్నవాడు దొరక్క నన్ను కూర్చోబెట్టారు. అదీ నా ఘనచరిత్ర. ఏసీ గొడవ, టీ గొడవ, పాత పేకలకి కొత్త జోకర్లు కలిపేసిన గొడవ, వీటి గురించి మాట్లాడను. మాట్లాడితే మళ్లీ మొదలవుతాయి.

హుద్‌హుద్ తుఫాను గురించి మాత్రం చెప్పాలి. 2014 అక్టోబరు 12, ఆదివారం. మర్నాడు రోడ్ల నిండా చెట్లు, కరెంటు లేదు, ఫోన్లు లేవు. మన గది కిటికీ అద్దాలు ఒక్కటీ మిగల్లేదు. అయినా సాయంత్రానికి తొమ్మిది మంది వచ్చారు, నడిచి. వాచ్‌మన్ తల పట్టుకున్నాడు: "ఏటి బాబూ, ఊరంతా కూలిపోతే మీకు పేకేటి?" నిజానికి ఆ రోజు ఆట కంటే హాజరు పట్టీ పనికొచ్చింది. వచ్చినవాళ్లకి టిక్కు పెట్టాం. టిక్కు లేనివాళ్ల ఇళ్లకి ఇద్దరిద్దరు చొప్పున వెళ్లి చూసొచ్చాం. ఎంవీపీ కాలనీకి వెళ్లినవాళ్లు రాత్రి తొమ్మిదింటికి గానీ తిరిగి రాలేదు. అన్ని పేర్లకీ టిక్కు పడింది నాలుగో రోజున. ఆ రాత్రి కొవ్వొత్తి పెట్టుకుని ఆడాం. వాచ్‌మన్‌కి రమ్మీ వచ్చింది కూడా అప్పుడే. ఇప్పుడు నన్నే ఓడిస్తున్నాడు.

కోవిడ్‌లో ఆ పట్టీలో ఆరు పేర్లకి టిక్కు పడకుండా పోయింది. ఆ పేర్లు నేను చదవలేను. మీ అందరికీ తెలుసు.

కొత్త అధ్యక్షురాలు మన లెక్కల మేడమ్ గారు. ఆడవాళ్లని చేర్చుకుందామంటే ఇక్కడే కొందరు ముఖం చిట్లించారు, వాళ్లు ఇప్పుడు ఆవిడకి పార్ట్‌నర్లుగా కూర్చోవడానికి వరస కడుతున్నారు. యాభై రెండు ముక్కల్లోంచి ఒకరికి పదమూడు ఎన్ని రకాలుగా రావచ్చో ఆవిడ ఒకసారి లెక్క కట్టి చెప్పారు. 63,501 కోట్ల పైమాటే. "అన్ని రకాలుండగా మీకు రోజూ అదే చెత్త చెయ్యి వస్తోందంటే నేను నమ్మనండీ" అన్నారు. అప్పట్నుంచి నేను చెయ్యి బాగోలేదని అనడం మానేశాను.

పాయింటుకి రూపాయి పెడితే ఆట రంజుగా ఉంటుందని ఈ ఏడు మళ్లీ ఒక తీర్మానం వస్తోందట. రానివ్వండి. నాకిప్పుడు ఒక్క ఓటే ఉంది, అది ఎటో మీకు తెలుసు. కవరు ఏమిటో కూడా ఇవాళ తెలిసింది.

బ్రిడ్జి రానివాళ్ల కోసం ఒక్క మాట. అందులో డమ్మీ అని ఒకడుంటాడు. తన ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి కూర్చుంటాడు. వాటిని ఆడేది పార్ట్‌నరే. డమ్మీ నోరెత్తకూడదు. పార్ట్‌నర్ తప్పు ముక్క ఆడుతున్నా సరే, కనుబొమ్మ కూడా ఎగరెయ్యకూడదు. నాకు అన్నింటికన్నా కష్టమనిపించిన పని అదే. రేపట్నుంచి నేర్చుకుంటాను.

వంటాయన చెయ్యి ఊపుతున్నాడు. మేడమ్, ఇలా రండి. ఇదిగో బీరువా తాళం. పేకలు పై అరలో, హాజరు పట్టీ కింద అరలో ఉన్నాయి. తాళం రెండుసార్లు తిప్పాలి, మొదటిసారికి తెరుచుకోదు.