కిస్తీ మెసేజ్‌లు ఇకనుంచి ఇలా పంపండి

తమ్ముళ్లూ, తెనాలి బ్రాంచ్ కలెక్షన్ వాళ్లందరూ ఇది చదవండి, ఫోన్లలో ఉన్న పాత మెసేజ్‌లు తీసేసి ఇవి పెట్టుకోండి. మన డబ్బు మనకి రావాల్సిందే, అందులో మొహమాటం ఏం లేదు, కానీ బెదిరిస్తే మనిషి ఫోన్ ఎత్తడం మానేస్తాడు, కంప్లయింట్ వెళ్తే సమాధానం చెప్పాల్సింది మనమే.

పాతది: "రేపు పదింటికల్లా కట్టకపోతే బండి లాక్కెళ్తాం."

కొత్తది: "నమస్తే అండి. మీ టూవీలర్ లోన్ (చివరి అంకెలు 4417) జూన్ 5 కిస్తీ ₹3,240 ఇంకా మాకు చేరలేదు. ఈపాటికే కట్టి ఉంటే రసీదు ఫొటో పంపండి, చూసి సరిచేస్తాం. లేదంటే జూన్ 12 లోపు కట్టండి. ఇబ్బంది ఉంటే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి. – ఫైనాన్స్ ఆఫీస్, తెనాలి"

బండి సంగతి ఇందులో ఎత్తలేదు చూడండి, అగ్రిమెంట్ ప్రకారం ముందు నోటీస్ ఇవ్వకుండా బండి మీద చెయ్యి వేయకూడదు.

పాతది: "పోలీసులతో ఇంటికొస్తాం, మీ బావమరిదికి కూడా చెప్పేశాం, వీధిలో పరువు పోద్ది."

ఇది అస్సలు వద్దు. కిస్తీ కట్టకపోవడం పోలీసులు వచ్చి వసూలు చేసే విషయం కాదు, చుట్టాలకి చెప్పి పరువు తీయడాన్ని ఆర్‌బీఐ రూల్స్ ఒప్పుకోవు.

కొత్తది: "నమస్తే అండి. మీ ఆటో లోన్‌లో జూన్, జూలై కిస్తీలు రెండూ బాకీ ఉన్నాయి. కిస్తీలు ₹9,600, లేటు ఛార్జీ ₹200, మొత్తం ₹9,800. జూలై 20 లోపు కట్టాలి. ఒకేసారి కుదరకపోతే ఆ లోపే ఆఫీసుకి రండి, ఎంత ఎప్పుడు కడతారో మాట్లాడి కాగితం మీద రాసుకుందాం. బాకీ అలాగే ఉంటే సిబిల్ రికార్డులో పడుతుంది, తర్వాత లోన్లు దొరకడం కష్టమవుతుంది."

చెక్ బౌన్స్ అయితే మాత్రం గట్టిగానే రాయాలి, కేసు పెట్టి లోపలేయిస్తాం అని కాదు, జరిగేది జరిగినట్టు:

"నమస్తే అండి. మీరిచ్చిన ₹6,480 చెక్కు డబ్బు లేక జూలై 8న వెనక్కి వచ్చింది. దయచేసి జూలై 18 లోపు ఆ మొత్తం కట్టండి. కట్టకపోతే సెక్షన్ 138 కింద లీగల్ నోటీస్ పంపుతాం. నోటీస్ అందాక కూడా కట్టడానికి మీకు 15 రోజులు ఉంటుంది."

ఆ నోటీస్ బ్యాంక్ మెమో మనకి అందిన 30 రోజుల్లో వెళ్లాలి కాబట్టి మెమో వచ్చిన రోజే నాకు చెప్పండి.

ఫోన్లూ మెసేజ్‌లూ ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వద్దు, గ్రూప్ లోన్ల అక్కలకి అయితే 9 నుంచి 6 వరకే. లేటు ఛార్జీని అసలులో కలిపి మళ్లీ వడ్డీ వేయకండి. ఎవరైనా ఇంట్లో హాస్పిటల్ అనో చావు అనో చెప్తే ఆ వారం మెసేజ్ ఆపి నాకు చెప్పండి, గడువు నేను చూస్తా. ఆటో అన్నకి రెండోది ఇవాళే పంపండి.