మన సెక్షన్ నోట్స్ మనమే రాసుకుందాం

అందరికీ నమస్తే. సార్ క్లాస్ మొదలుపెట్టేలోపు నాకు పది నిమిషాలు ఇచ్చారు.

ఫస్ట్ ఇయర్‌లో మ్యాథ్స్ మిడ్‌కి ముందు రాత్రి మన గ్రూప్‌లో ఒక నోట్స్ ఫోటో తిరిగింది, గుర్తుందా? అందులో ఐగన్ విలువల లెక్క λ² − 5λ + 6 = 0 అని ఉండాల్సింది, మైనస్ బదులు ప్లస్ పడింది. 2, 3 రావాల్సిన చోట మనలో చాలామందిమి −2, −3 రాసి వచ్చాం. ఆ ఫోటో పెట్టినవాళ్లు సాయం చేద్దామనే పెట్టారు. దాన్ని ఇంకొకరు చూసి సరిచేసే ఏర్పాటే మనకు లేదు. ఆ రోజు నుంచీ నా మనసులో ఉన్న మాట ఇది: ఈ సెమిస్టర్ నోట్స్ అందరం కలిసి రాసుకుందాం.

మనకు ఐదు సబ్జెక్టులు, ఒక్కోదానికి ఐదు యూనిట్లు, మొత్తం 25. డిప్లొమా నుంచి కొత్తగా చేరిన ఆరుగురితో కలిపి మనం 66 మందిమి. యూనిట్‌కి ఇద్దరు చొప్పున 50 మంది రాస్తే, మిగిలిన 16 మంది చదివి తప్పులు చూస్తారు. అంటే సెమిస్టర్ మొత్తానికి రాసే వంతు ఎవరికైనా ఒక్కసారే వస్తుంది. యూనిట్ అయిన వారంలోపు రెండు పేజీలు, గూగుల్ డాక్స్‌లో పెడితే చాలు.

ఆ రెండు పేజీల్లో స్లైడ్‌లు అతికించొద్దు, మీకు అర్థమైనట్టు మీ మాటల్లో రాయండి. డేటా స్ట్రక్చర్స్‌లో పోస్ట్‌ఫిక్స్ ఉంది కదా. `8 3 -` లెక్కకడుతున్నప్పుడు స్టాక్ నుంచి ముందు బయటికొచ్చేది 3, కానీ అది కుడివైపు ఉండాలి. జవాబు 5, −5 కాదు. నేను ఇక్కడ రెండుసార్లు తప్పు చేశాను. మీరు తడబడిన ఇలాంటి చోట్లే రాయండి, చదివేవాళ్లకు అవే ఎక్కువ పనికొస్తాయి.

ఇంగ్లిష్ గురించి టెన్షన్ వద్దు. నేనూ తెలుగు మీడియంలోనే చదివాను. డెఫినిషన్ పరీక్షలో రాయాల్సినట్టు ఇంగ్లిష్‌లో ఉంచి, కింద వివరణ తెలుగులో రాసినా బాగుంటుంది. డిప్లొమా నుంచి వచ్చినవాళ్లు కంప్యూటర్ ఆర్గనైజేషన్ తీసుకుంటే నాకు సంతోషం, మీలో కొందరు అది ఇంతకుముందే చదివారు.

ఎవరైనా జ్వరంతో వారం రాలేకపోయినా, ఇంట్లో ఏదైనా అయి ఊరెళ్లినా, తిరిగొచ్చాక జిరాక్స్ షాపు దగ్గర అడుక్కునే పరిస్థితి రాకూడదు. రాయలేకపోయినవాళ్లకు కూడా నోట్స్ ఇస్తాం. ఎవరినీ లెక్క అడగం.

డేటా స్ట్రక్చర్స్ మొదటి యూనిట్ నేను తీసుకున్నాను, నాకు ఇంకొకరు తోడు కావాలి. ఈ షీట్ వెనక బెంచీ నుంచి మొదలుపెడుతున్నాను. మీ పేరు, మీకు నచ్చిన యూనిట్ రాసి ముందుకు ఇవ్వండి.